కాలమ్ బాక్స్ నిలబెట్టడం: పొట్ట రాకుండా, పాలు కారకుండా

కాలమ్ విప్పాక పొట్ట కనిపించింది, ఇప్పుడేం చేయాలని అడిగేవాళ్లు చాలామంది. క్లాంపులు ఎంతెంత దూరంలో కట్టాలని పోతకు ముందు అడిగేవాళ్లు మాత్రం అరుదు. మొదటి ప్రశ్నకు జవాబు సుత్తి, ఉలి. రెండో ప్రశ్నకు జవాబు ఈ వ్యాసం.

చెప్పేదంతా ఒకే కాలమ్ మీద చెబుతాను. కొలత 300 × 450 మి.మీ., స్టార్టర్, అంటే కాలమ్ అడుగున ముందే పోసిన చిన్న దిమ్మె, దాని పైనుంచి పోత ఎత్తు 3 మీటర్లు. 18 మి.మీ. ప్లై, నిలువు చెక్క రీపర్లు, చుట్టూ వెడ్జ్‌తో బిగించే నాలుగు చేతుల స్టీలు క్లాంపులు. మీ కాలమ్ కొలత వేరైతే అంకెలు మారతాయి, వరుస మారదు.

## 1. ముందు లెక్క: బాక్స్‌ను తోసేది ఎంత?

పచ్చి కాంక్రీటు వైబ్రేటర్ తగిలినంతసేపు నీళ్లలాగే ప్రవర్తిస్తుంది. నీళ్లలాగే పక్కలకు తోస్తుంది, కాకపోతే నీటికంటే రెండున్నర రెట్లు బరువుగా తోస్తుంది. ఘనమీటరు బరువు సుమారు 2500 కిలోలు. కాబట్టి పైనుంచి ఎన్ని మీటర్ల లోతుకు వెళ్తే, అక్కడ చదరపు మీటరుకు అన్ని 2500 కిలోల తోపు. మూడు మీటర్ల అడుగున చదరపు మీటరుకు 7500 కిలోలు.

ఈ కాలమ్‌లో పట్టేది 0.4 ఘనమీటరు, అంటే ఒక టన్ను కాంక్రీటు. అదే టన్ను 450 మి.మీ. ముఖం ఒక్కదాన్ని బయటికి తోసే మొత్తం బలం దాదాపు 5 టన్నులు. ఇది విని నమ్మని మేస్త్రులు ఉన్నారు. తోపు లోతును బట్టి వస్తుంది గానీ లోపల పట్టిన బరువును బట్టి రాదు. సన్నటి కాలమ్ అయినా మూడు మీటర్ల ఎత్తుంటే అడుగున ఒత్తిడి అంతే.

గోడల్లో పోత మెల్లగా ఎక్కుతుంది, కింది కాంక్రీటు గట్టిపడి కొంత తోపు తగ్గుతుంది. కాలమ్‌లో ఆ అదృష్టం ఉండదు. పది పదిహేను నిమిషాల్లో నిండిపోతుంది, కిందిది ఇంకా పచ్చిగానే ఉంటుంది. అందుకే కాలమ్‌కు పూర్తి ఎత్తు లెక్క వేయాల్సిందే.

దీని నుంచి వచ్చే నియమం ఒక్కటే: క్లాంపులు కింద దగ్గరగా, పైకి వెళ్లేకొద్దీ దూరంగా. సమాన దూరంలో కట్టిన బాక్స్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పని మాత్రం కింద తెగుతుంది, పైన వృథా అవుతుంది.

## 2. క్లాంపుల ఎత్తులు

మన కాలమ్‌కు నేను కట్టే ఎత్తులు ఇవి. కొలత స్టార్టర్ పై అంచు నుంచి. పక్కన రాసింది 450 ముఖం వైపు ఆ క్లాంప్ మోసే బరువు.

| క్లాంప్ ఎత్తు (మి.మీ.) | మోసే బరువు (సుమారు కిలోలు) |
|---|---|
| 150 | 880 |
| 400 | 800 |
| 700 | 840 |
| 1050 | 820 |
| 1450 | 770 |
| 1950 | 610 |
| 2500 | 280 |
| 2850 | 60 |

కింది ఐదు క్లాంపులూ ఇంచుమించు ఒకే బరువు మోస్తున్నాయి చూడండి. దూరాలు 250, 300, 350, 400 అని పెరుగుతూ పోవడానికి కారణం అదే. చివరి రెండు క్లాంపులు బరువు కోసం కాదు, బాక్స్ నోరు మూలమట్టంగా ఉండటం కోసం.

ఈ ఎనిమిది కాక తొమ్మిదోది ఒకటి స్టార్టర్ మీదే కట్టాలి. దాని పని తోపు ఆపడం కాదు, ప్లైని స్టార్టర్‌కు అతికి పట్టుకోవడం. సిమెంటు పాలు ఎక్కువగా కారేది అక్కడే.

ఇదే కాలమ్‌కు 300 మి.మీ. దగ్గర మొదటిది పెట్టి, ఆ పైన 600 చొప్పున ఐదు క్లాంపులు కడితే? అట్టడుగు క్లాంప్ మీద 1800 కిలోలు పడతాయి. పైన చెప్పిన అమరికకు రెట్టింపు. వెడ్జ్ జారడమో, పట్టీ వంగడమో అక్కడే మొదలవుతుంది.

పట్టీ మందం కూడా చూసుకోండి. 60 × 10 మి.మీ. పట్టీ, వెడల్పు అడ్డంగా పడేలా ఉన్న క్లాంప్ 880 కిలోలకు నిలుస్తుంది, మిగులు మాత్రం ఎక్కువ ఉండదు. 50 × 8 పట్టీ ఈ బరువుకు వంగుతుంది. మీ దగ్గర సన్న పట్టీలే ఉంటే కింది సగంలో దూరం ఇంకా తగ్గించాలి, క్లాంపులు ఎక్కువ కట్టాలి. తయారీదారు ఇచ్చిన భారం పట్టిక ఉంటే అదే చివరి మాట. కాలమ్ ఇంతకంటే వెడల్పయినా, ఎత్తయినా ఈ పట్టికను కాపీ కొట్టకండి, లెక్క మళ్లీ వేయించండి.

## 3. ప్యానెళ్లు సిద్ధం చేయడం

నాలుగు ప్యానెళ్లలో రెండు లోపలివి, రెండు మూసేవి. 450 ముఖానికి ప్లై కచ్చితంగా 450 వెడల్పు. 300 ముఖానికి 300కి రెండు ప్లై మందాలు కలిపి 336 వెడల్పు, ఇవి 450 ప్లై అంచులను కప్పుతాయి. ఎత్తు 3100: మూడు మీటర్ల పోత, 100 మి.మీ. స్టార్టర్ మీదికి దిగే భాగం.

ఇక రీపర్లు. 450 ప్యానెల్‌కు మూడు నిలువు రీపర్లు తప్పనిసరి, రెండు అంచుల్లో, ఒకటి నడుమ. 50 × 75 చెక్కను 75 వైపు లోతు వచ్చేలా నిలబెట్టి కొట్టాలి. నడుమ రీపర్ ఒక్కటే కదా అని మానేస్తే ఏమవుతుందో చూద్దాం. రీపర్ల మధ్య దూరం రెట్టింపైతే ప్లై వంపు పదహారు రెట్లు పెరుగుతుంది. మూడు రీపర్లతో అడుగున ప్లై వంగేది అర మిల్లీమీటరు లోపు. రెండింటితో అదే ప్లై 5 నుంచి 10 మి.మీ. వరకు ఉబ్బుతుంది, క్లాంపులు ఎంత దగ్గరగా కట్టినా సరే. క్లాంప్ రీపర్‌ను పట్టుకుంటుంది గానీ రెండు రీపర్ల మధ్య ప్లైని పట్టుకోలేదు. ‘క్లాంపులన్నీ బిగించాం, అయినా పొట్ట వచ్చింది’ అన్నచోట చాలాసార్లు కారణం ఇదే.

ప్లై ఎంచుకునేటప్పుడు అంచులు చూడండి. నీళ్లు తాగి పొరలు విడిపోయిన అంచు మూలలో కూర్చోదు. ఒక అంచు పాడైతే ఆ 20 మి.మీ. కోసేసి చిన్న కాలమ్‌కు వాడుకోవడం మేలు.

షట్టరింగ్ ఆయిల్ ప్యానెల్ నేల మీద ఉన్నప్పుడే పూసి, గుడ్డతో తుడవాలి. నిలబెట్టాక పూస్తే అది కమ్మీల మీద పడుతుంది, కాంక్రీటు కమ్మీని పట్టుకోదు. వేలితో రాస్తే మెరవాలి, కారకూడదు.

## 4. స్టార్టర్, కమ్మీలు: బాక్స్‌కు ముందే చూసేవి

స్టార్టర్ వంకరైతే కాలమ్ వంకరే. గ్రిడ్ లైన్ నుంచి స్టార్టర్ నాలుగు ముఖాలూ కొలిచి, కొలత 300 × 450 ఉందో లేదో చూడండి. రెండు మూలల ఐమూల కొలతలు 541 మి.మీ. చొప్పున సమానంగా రావాలి.

స్టార్టర్ 5 మి.మీ. తక్కువైతే ప్లైకి దానికి మధ్య సందు వస్తుంది. 5 మి.మీ. ఎక్కువైతే ఇంకా చిక్కు: ప్లై కింద దూరంగా నిలబడి, పైన క్లాంప్ లాగినప్పుడు మూలలు తెరుచుకుంటాయి. ఎక్కువైన చోట ఉలితో చెక్కి నునుపు చేయండి. తక్కువైన చోట చిక్కటి సిమెంటు ఇసుక పూత ముందు రోజే వేసి గట్టిపడనివ్వండి. పోత ముందు గంటలో పూసింది పోతతోపాటే కారిపోతుంది.

బాక్స్ మూసేముందు ఇవి ఒకసారి చూడండి:

- స్టార్టర్ పై ముఖం గరుకుగా ఉందా, దాని మీద తేరిన సిమెంటు పొర చెక్కేశారా
- నాలుగు వైపులా కవర్ బ్లాకులు కట్టారా, మీటరుకు ఒక వరుస చొప్పున అయినా
- బైండింగ్ వైరు కొసలు లోపలికి వంచారా (బయటికి ఉన్న కొస ప్లైని తాకి తుప్పు మచ్చవుతుంది)
- పైనున్న కమ్మీలు ఒక పక్కకు వాలాయా. వాలితే ఇప్పుడే సరిచేయాలి, బాక్స్‌తో లాగి కాదు

చివరి అంశం గురించి ఒక మాట. కమ్మీల గూడు 20 మి.మీ. పక్కకు ఉంటే, బాక్స్ బిగించినప్పుడు అది స్ప్రింగులా ప్యానెల్‌ను తోస్తూనే ఉంటుంది. మీరు తూకం ఎన్నిసార్లు సరిచేసినా మళ్లీ పోతుంది. తూకం నిలవకపోతే ముందు సపోర్టును కాదు, కమ్మీని అనుమానించండి.

## 5. నిలబెట్టే వరుస

1. స్టార్టర్ చుట్టూ, పై అంచుకు 20 మి.మీ. కిందుగా, మూసిన రంధ్రాల ఫోమ్ పట్టీ అతికించండి. 5 మి.మీ. మందం చాలు, నొక్కితే సగమవుతుంది. పై అంచు దాటి ఉంటే అది కాలమ్ లోపలికి చొచ్చుకుపోతుంది.
2. రెండు 450 ప్యానెళ్లు, ఒక 300 ప్యానెల్ నిలబెట్టి, పడిపోకుండా కింద, నడుమ, పైన మూడు క్లాంపులు వదులుగా తొడగండి. పట్టుకోడానికి ఇద్దరు ఉండాలి, గాలి రోజైతే ముగ్గురు.
3. లోపల చెత్త ఊడ్చి, నీళ్లు చల్లి కడగండి. నాలుగో ప్యానెల్ అడుగున 150 మి.మీ. చదరం తలుపులాంటిది కోసి ఉంచితే నీళ్లు, రంపపు పొట్టు అటు పోతాయి. పోతకు ముందు అది మూసి, మీద ఒక చెక్క అడ్డం కొట్టి, క్లాంప్ కిందికి వచ్చేలా చూడండి.
4. నాలుగో ప్యానెల్ పెట్టండి.
5. స్టార్టర్ మీది క్లాంప్ మొదట బిగించండి. తర్వాత అన్నిటికన్నా పైది, మూలమట్టం చూసి బిగించండి. పైన ఐమూల కొలతలు 541 చొప్పున వచ్చేవరకు ముందుకు కదలకండి.
6. మిగతా క్లాంపులు కింది నుంచి పైకి, గుర్తు గీసిన ఎత్తుల్లో కట్టండి. ఎత్తులు ముందే రీపర్ మీద సుద్దతో గీయాలి. కంటితో కట్టినవి ఎప్పుడూ పైకి జరుగుతాయి, ఎందుకంటే వంగి కట్టడం ఎవరికీ ఇష్టముండదు.

## 6. క్లాంప్ బిగించే పద్ధతి

క్లాంప్ నాలుగు చేతులూ ఒకే మట్టంలో ఉండాలి. ఒక మూల ఎత్తుగా ఉన్న క్లాంప్, తోపు వచ్చినప్పుడు తన్నుకుని సమం కావాలని చూస్తుంది, ఆ జరుగుడులో వెడ్జ్ వదులవుతుంది. ప్రతి చేయి కింద రీపర్‌లో ఒక మేకు కొట్టి దాని మీద ఆనిస్తే మట్టం నిలుస్తుంది, వైబ్రేషన్‌కు జారదు.

వెడ్జ్ దెబ్బ ప్రతిసారీ బాక్స్‌ను కొద్దిగా తిప్పుతుంది. అన్ని క్లాంపుల వెడ్జ్‌లూ ఒకే దిక్కుగా ఉంటే ఆ తిప్పు పోగుపడి కాలమ్ మెలి తిరుగుతుంది. అందుకే ఒక క్లాంప్ కుడి తిప్పు అయితే దాని పైది తలకిందులు చేసి ఎడమ తిప్పుగా తొడగండి. ఖర్చు లేని పని, చాలామంది చేయరు.

నాలుగు వెడ్జ్‌లను ఒక్కోటి పూర్తిగా కొట్టేయకూడదు. నాలుగింటినీ ఒక దెబ్బ, తర్వాత నాలుగింటినీ ఇంకో దెబ్బ. సుత్తి శబ్దం మొద్దుగా ఉన్నంతసేపు వదులు ఉన్నట్టే. శబ్దం ఖంగున తేలాక ఇంకో చిన్న దెబ్బ, అంతే ఆపండి. అంతకుమించి కొడితే కాలమ్ కొలత తగ్గుతుంది, రీపర్ చెక్క నలుగుతుంది.

ప్లైకీ రీపర్‌కీ, రీపర్‌కీ క్లాంప్‌కీ మధ్య ఎక్కడా గాలి ఉండకూడదు. సందులో ఒక కాగితం దూరుతోందంటే పోతలో ఆ మేరకు ప్లై బయటికి వచ్చి ఆగుతుంది. చెక్క ముక్క దోపి నింపండి.

## 7. సపోర్టులు, తూకం

క్లాంపులు కాలమ్‌ను పొట్ట రాకుండా పట్టుకుంటాయి, నిటారుగా పట్టుకోవు. నిటారు అనేది ఏటవాలు సపోర్టుల పని. తోయగలిగేవి, లాగగలిగేవి అయిన మర జాకీలు రెండు లంబ దిశల్లో కావాలి, అంటే 450 ముఖం వైపు ఒకటి, 300 ముఖం వైపు ఒకటి. మీ దగ్గరున్నవి తోయడం మాత్రమే చేయగలిగితే నాలుగు వైపులా నాలుగు. కాలమ్ ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర, మన లెక్కలో 2 మీటర్ల దగ్గర పట్టించండి. నేలతో 45 నుంచి 60 డిగ్రీల కోణం. అడుగు స్లాబుకు గట్టిగా బిగించాలి. ఇటుక అడ్డం పెట్టిన సపోర్టు పోతరోజు జారుతుంది.

తూకం చూడటానికి తూకం గుండే మేలు, రసమట్టం పక్కన సాయానికి. పద్ధతి ఇది.

పైన ప్యానెల్ అంచుకు ఒక చెక్క ముక్క కొట్టి, ప్లై ముఖం నుంచి కచ్చితంగా 175 మి.మీ. దూరంలో దారం దిగేలా మేకు పెట్టండి. గుండు నేలకు 50 మి.మీ. పైన ఆగాలి. ఊగుతుంటే గుండును నీళ్ల బకెట్‌లో ముంచితే నిమిషంలో నిలుస్తుంది. ఇప్పుడు అడుగున దారం నుంచి ప్లైకి దూరం కొలవండి, రీపర్‌కు కాదు. రీపర్ల మందం ఒకేలా ఉండదు.

ఒక సందర్భం తీసుకుందాం. పైన 175, కింద 181 వచ్చింది. కింద దూరం ఎక్కువ అంటే పైభాగం దారం వైపు 6 మి.మీ. వాలింది. 2 మీటర్ల ఎత్తులో ఉన్న జాకీతో 4 మి.మీ. అవతలికి తోస్తే పైన 6 జరుగుతుంది. మర మెల్లగా తిప్పుతూ, ఒకరు కింద కొలుస్తూ ఉండాలి. కొలత 175కి వచ్చాక ఎదురు వైపు సపోర్టు ఉంటే దాన్ని కూడా బిగించండి, లేకపోతే అది వదులై వైబ్రేషన్‌కు వెనక్కి వస్తుంది.

తర్వాత పక్క ముఖం. ఒక ముఖం తూకంలో ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. అది పూర్తయ్యాక మళ్లీ మొదటి ముఖం చూడాలి, ఎందుకంటే రెండో దాన్ని తోసినప్పుడు మొదటిది కదులుతుంది. మెలి చూడటానికి 450 ముఖానికి రెండు మూలల్లో రెండు దారాలు దించండి. రెండూ సమానంగా తప్పితే వాలు, ఒకటి ఇటు ఒకటి అటు తప్పితే మెలి. మెలి వచ్చిందంటే పై క్లాంప్ వదులు చేసి మూలమట్టం మళ్లీ పెట్టాలి, జాకీతో సరికాదు.

నడుమ ఎత్తులో కూడా ఒక కొలత తీసుకోండి. పైన 175, కింద 175, నడుమ 170 ఉంటే ప్యానెలే వంకర.

ఎంత తేడా ఒప్పుకోవచ్చు? డ్రాయింగులో రాసి ఉంటే అదే. పోతకు ముందు మాత్రం నేను 3 మీటర్లకు 3 మి.మీ. దాటనివ్వను, ఎందుకంటే పోతలో ఇంకొంచెం పోవడం మామూలే. ఆ మిగులు ముందే వాడేసుకుంటే తర్వాత ఏమీ ఉండదు.

రసమట్టం వాడేవాళ్లు ఒకసారి తిప్పి చూసుకోండి. ఒకే చోట అటొకసారి ఇటొకసారి పెట్టినప్పుడు బుడగ ఒకేచోట ఆగాలి. అలా ఆగని మట్టం ఎంత ఖరీదుదైనా పనికిరాదు.

## 8. పాలు కారకుండా

నీళ్లు, సిమెంటు కలిసిన పాలు సందులోంచి పోతే కంకర, ఇసుక ఒంటరిగా మిగులుతాయి. విప్పినప్పుడు కనిపించే తేనెతుట్టె అదే. బయట నేల మీద బూడిదరంగు మరకలు ఎంత ఉంటే లోపల అంత డొల్ల ఉందని అర్థం.

సందులు వెతకడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి టార్చి. పొద్దుగూకాక ఒకరు పైనుంచి లోపలికి దీపం దించుతారు, ఇంకొకరు బయట చుట్టూ వంగి చూస్తారు. వెలుగు గీత కనిపించిన చోటల్లా పాలు వస్తాయి. పగలు ఎంత చూసినా దొరకని సందు చీకట్లో ఒక్క నిమిషంలో దొరుకుతుంది.

దొరికినవి ఇలా మూయండి:

- నాలుగు మూలలు: ముందు క్లాంప్ బిగింపు చూడండి. సందు ఉన్న ఎత్తులో వెడ్జ్ ఇంకో దెబ్బ అడుగుతుందేమో. అయినా ఉంటే బయటినుంచి అంటుకునే టేపు. మూలలో ముక్కోణపు చెక్క పట్టీ కొడితే అంచు విరగదు, పాలూ ఆగుతాయి.
- స్టార్టర్ దగ్గర: ఫోమ్ పట్టీ, దాని బయట ప్లై అడుగు చుట్టూ సిమెంటు మోర్టార్ కట్ట. కట్ట ముందు సాయంత్రమే వేయాలి.
- ప్లైలో పాత మేకు రంధ్రాలు, ముడులు: లోపలివైపు పుట్టీ నింపి నునుపు చేయండి.

సిమెంటు సంచి కాగితం, గుడ్డ పీలికలు లోపలినుంచి దోపడం చాలాచోట్ల చూస్తాం. అవి కాంక్రీటులోనే ఉండిపోతాయి, స్టార్టర్ అతుకు మీద సగం కవర్ పోతుంది. బయటినుంచి దోపితే తప్పులేదు.

## 9. పోతరోజు

పోతకు ముందు అరగంట ఉండగా తూకం, ఐమూల, వెడ్జ్‌లు మరోసారి. రాత్రి ఎండిన చెక్క క్లాంప్‌ను వదులు చేస్తుంది, ప్రతి వెడ్జ్‌కీ సుత్తి తాకించి శబ్దం వినండి. ప్లై లోపల నీళ్లు చిలకరించండి, అడుగున నిలవకూడదు.

పొట్ట ముందే పసిగట్టడానికి చిన్న ఏర్పాటు. 450 ముఖం నడుమ రీపర్ మీద పైన ఒకటి, కింద ఒకటి 75 మి.మీ. చెక్క ముక్కలు కొట్టి వాటి మధ్య దారం బిగించండి. దారానికీ రీపర్‌కీ మధ్య ఎక్కడైనా 75 ఉండాలి. పోస్తున్నప్పుడు ఒక మనిషి 700 ఎత్తు దగ్గర 75 మి.మీ. ముక్క పెట్టి చూస్తూ ఉంటాడు. ముక్క దూరకపోతే బాక్స్ బయటికి వస్తోందన్నమాట. కంటికి 10 మి.మీ. పొట్ట కూడా తెలియదు, ఈ ముక్కకు రెండు మి.మీ. తెలుస్తుంది.

కాంక్రీటు ఒకటిన్నర మీటర్ల కంటే ఎత్తునుంచి జారవిడవకండి, గొట్టం దించండి. 450 మి.మీ. చొప్పున పొరలు పోయండి. వైబ్రేటర్ సూది ముందు పొరలోకి 100 మి.మీ. దిగి, ఐదు నుంచి పదిహేను సెకన్లు ఉండి, మెల్లగా పైకి రావాలి. బుడగలు ఆగి, పైన మెరుపు తేలితే చాలు. సూదిని ప్లైకి ఆనించకూడదు, కమ్మీకి కట్టి ఊపకూడదు. బయట సుత్తితో ప్లైని బాదే అలవాటు ఒకటుంది, అది వెడ్జ్‌లు వదులు చేసే సులువైన మార్గం.

వైబ్రేటర్ మూడో పొరలో ఉండగా మళ్లీ అడుగుదాకా దించేవాళ్లను ఆపండి. అప్పటికి కొంచెం బిగిసిన కింది కాంక్రీటు మళ్లీ నీళ్లవుతుంది, పూర్తి తోపు మళ్లీ మేలుకుంటుంది.

పోత ముగిసిన వెంటనే, ఇంకా పచ్చిగా ఉండగానే తూకం చూడండి. సరిచేయగలిగే చివరి అవకాశం అది. జాకీ మర కొద్ది మిల్లీమీటర్లు తిప్పితే కాలమ్ వస్తుంది. గంటన్నర తర్వాత అదే తిప్పితే స్టార్టర్ దగ్గర పగులు వస్తుంది.

## 10. తేడా వచ్చినప్పుడు

75 ముక్క బిగుతుగా తగిలింది. పోత ఆపండి, వైబ్రేటర్ తీయండి. ఆ ఎత్తులో వెడ్జ్‌లు చూసి బిగించండి, రెండు క్లాంపుల మధ్య ఒకటి అదనంగా కట్టండి. అదనపు క్లాంప్ ఒకటి అందుబాటులో ఉంచుకోవడం ఇందుకే. ఉబ్బు ఆగిందని ముక్క చెప్పాక కొనసాగించండి. కాంక్రీటు బిగిసేలోపు తిరిగి మొదలుపెట్టాలి, లేకపోతే అతుకు ఏర్పడుతుంది.

ఉబ్బు 8, 10 మి.మీ. వచ్చేసింది. వెనక్కి నొక్కాలని క్లాంప్‌ను బాదకండి. కాంక్రీటు కుదించుకోదు, అది వేరే మూలను తెరుస్తుంది. ఉన్నచోట గట్టిగా పట్టి ఉంచండి. తర్వాత చెక్కుకోవచ్చు. ఎవరినీ ఆ ముఖం ఎదుట నిలబడనివ్వకండి.

మూలలో పాలు కారుతున్నాయి. వెడ్జ్ ఒక దెబ్బ, తర్వాత బయటినుంచి తడి గుడ్డ దోపి, దానిమీద చెక్క అడ్డం. ఆగాక ఆ ఎత్తులో సూదిని ఒకసారి మళ్లీ దించండి, పోయిన పాల చోటు నిండుతుంది. ధార ఆగకపోతే పోత ఆపాల్సిందే.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను. ఒకసారి రెండు కాలమ్‌లు ఒకేరోజు పోయాలని క్లాంపులు పంచాం, రెండోదానికి ఏడే వచ్చాయి. 700 దగ్గరిది వదిలేసి, పైన రెండూ ఉంచాం, ఎందుకంటే పైనవి అప్పటికే బిగించి ఉన్నాయి. విప్పినప్పుడు సరిగ్గా 700 దగ్గర 18 మి.మీ. పొట్ట. పైనున్న ఒక క్లాంప్ 280 కిలోలు మోస్తూ ఖాళీగా కూర్చుంది, కింద 400, 1050 క్లాంపుల మధ్య 650 మి.మీ. ఖాళీ. చెక్కడానికి ఇద్దరికి ఒక పూట పట్టింది. క్లాంపులు తక్కువైతే తీయాల్సింది పైనుంచి. అదీ కుదరకపోతే ఒక కాలమ్ రేపటికి.

విప్పాక తేనెతుట్టె కనిపించింది. గోరుతో రాలేది పై పొర మాత్రమే అయితే వదులు కంకర రాల్చి, తడిపి, తగిన మోర్టార్‌తో నింపొచ్చు. కమ్మీ కనిపిస్తే మీరు పూయకండి, ఇంజినీరును పిలవండి. గుట్టుగా సిమెంటు పులమడం కన్నా పెద్ద తప్పు లేదు.

## 11. విప్పడం

మామూలు వాతావరణంలో 16 నుంచి 24 గంటల తర్వాత కాలమ్ పక్కలు విప్పొచ్చు, చలిలో ఇంకా ఆగాలి. క్లాంపులు పైనుంచి కిందికి వదులు చేయండి, ప్యానెల్ పట్టుకోడానికి మనిషి ఉన్నప్పుడే చివరిది తీయండి. గునపం కాంక్రీటు అంచు మీద ఆనించి ఎత్తకండి, ప్లై వెనక చెక్క వెడ్జ్ కొడితే అదే వదులుతుంది.

విప్పిన వెంటనే 450 ముఖం అడుగునుంచి 700 వరకు సూటి పట్టీ ఆనించి వెనక సందు చూడండి. అక్కడ ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో ప్యానెల్ వెనక సుద్దతో రాసి పెట్టుకుంటే, తర్వాతి కాలమ్‌కు అదే ప్యానెల్ నిలబెట్టినప్పుడు క్లాంప్ ఎక్కడ కలపాలో తెలుస్తుంది.